అభ్యాస పత్రం 9: పెర్‌ఫెక్ట్ కాలంలో హాబెన్ ఎక్కడ, జైన్ ఎక్కడ?

ఇది నోటి సాధన కోసం తయారుచేసిన పత్రం కాబట్టి జర్మన్ మాటలను ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలోనే ఇచ్చాము. వాటి వర్ణక్రమం తరువాతి పత్రంలో వస్తుంది.

"తిన్నాను" అనే ఒక్క మాటలోనే మనకు పని, కాలం, కర్త ఎవరన్నది అన్నీ తెలిసిపోతాయి. జర్మన్ ఈ భారాన్ని రెండు మాటలకు పంచుతుంది. వాక్యంలో రెండో స్థానంలో నిలిచే సహాయక క్రియ కర్తను బట్టి మారుతుంది, వాక్యం చివర నిలిచే భూత కృదంతం మాత్రం ఎవరికోసమూ మారదు. ఇష్ హాబె ఐనెన్ అప్ఫెల్ గెగెస్సెన్: నేను ఒక ఆపిల్ తిన్నాను. అసలు క్రియ చివరికి చేరడం తెలుగువారికి అలవాటైన సంగతే. మనవాళ్ళు తరచు మరచిపోయేది మధ్యలో ఉండవలసిన "హాబె"ను.

నేను, నువ్వు, అతడు, మేము, మీరు, వారు అనే వరుసలో హాబెన్ రూపాలు హాబె, హస్ట్, హట్, హాబెన్, హాప్ట్, హాబెన్. జైన్ రూపాలు బిన్, బిస్ట్, ఇస్ట్, జింట్, జైట్, జింట్.

ఏ సహాయక క్రియ?

ఎక్కువ క్రియలకు హాబెన్ వస్తుంది. కర్త ఒక చోటినుంచి మరొక చోటికి కదిలినప్పుడు (గేఎన్, ఫారెన్, కొమ్మెన్), లేదా ఒక స్థితినుంచి మరొక స్థితికి మారినప్పుడు (నిద్రలోకి జారుకోవడం, నిద్ర లేవడం, చనిపోవడం) జైన్ వస్తుంది. కదలికా మార్పూ లేకపోయినా జైన్, బ్లైబెన్ అనే రెండు క్రియలు జైన్‌నే తీసుకుంటాయి: ఇష్ బిన్ గెవేజెన్, ఇష్ బిన్ గెబ్లీబెన్. వీటికి కారణం వెతకడం కన్నా కంఠస్థం చేయడమే మేలు.

ఉపసర్గ చేరితే అర్థంతోపాటు సహాయక క్రియ కూడా మారవచ్చు. ష్లాఫెన్ అంటే నిద్రపోతూ ఉండడం, అందులో మార్పు లేదు కాబట్టి "ఇష్ హాబె గెష్లాఫెన్". ఐన్‌ష్లాఫెన్ అంటే నిద్రలోకి జారుకోవడం కాబట్టి "ఇష్ బిన్ ఐన్‌గెష్లాఫెన్". కొమ్మెన్‌కు జైన్ వచ్చినా, "అందుకోవడం" అనే అర్థం గల బెకొమ్మెన్‌కు హాబెన్ వస్తుంది. ఫారెన్‌కు కర్మ ఉంటే, అంటే కారును తానే నడిపానని చెబితే, అదీ హాబెన్‌కే పోతుంది. నిలబడడం అనే ష్టేఎన్‌కు ఇక్కడ హాబెన్ వాడుతున్నాము. దక్షిణ జర్మనీలో, ఆస్ట్రియాలో, స్విట్జర్లాండ్‌లో జైన్ వినబడితే తప్పని అనుకోవద్దు.

కృదంతం

క్రమ క్రియలకు ముందు "గె", చివర "ట్" చేరతాయి: మాఖెన్, గెమాఖ్ట్. అపక్రమ క్రియల్లో చివర "ఎన్" ఉంటుంది, లోపలి అచ్చు తరచు మారుతుంది: ట్రింకెన్, గెట్రుంకెన్, ష్రైబెన్, గెష్రీబెన్, నేమెన్, గెనొమ్మెన్, గేఎన్, గెగంగెన్. కొన్నింటిలో అచ్చు మారినా చివర "ట్" నిలుస్తుంది: డెంకెన్, గెడాఖ్ట్, బ్రింగెన్, గెబ్రాఖ్ట్. విడిపోయే ఉపసర్గ ఉంటే "గె" మధ్యలో దూరుతుంది: ఔఫ్‌గెష్టండెన్. బె, ఫెర్ వంటి విడిపోని ఉపసర్గలున్నా, క్రియ "ఈరెన్"తో ముగిసినా "గె" రాదు: ఫెర్‌ష్టండెన్, ష్టుడీర్ట్.

అభ్యాసం 1. ఈ వర్తమాన వాక్యాలను పెర్‌ఫెక్ట్‌లోకి మార్చి, పైకి చదవండి.

1. ఇష్ లేజె ఐన్ బూఖ్.
2. ఏర్ కొమ్ట్ ష్పేట్.
3. వియర్ ట్రింకెన్ టే.
4. జీ బ్లైప్ట్ ట్సు హౌజె.
5. ఇష్ బెకొమ్మె ఐనెన్ బ్రీఫ్.
6. డస్ కింట్ ష్లేఫ్ట్ ఐన్.

అభ్యాసం 2. ఒక్కో వాక్యంలో ఒక్క తప్పు ఉంది. సరిదిద్ది, కారణం తెలుగులో చెప్పండి.

1. ఇష్ హాబె నాఖ్ బెర్లీన్ గెఫారెన్.
2. వియర్ జింట్ పిజ్జా గెగెస్సెన్.
3. డూ హస్ట్ గెష్రీబెన్ ఐనెన్ బ్రీఫ్.

అభ్యాసం 3. జర్మన్‌లో చెప్పండి.

నిన్న నేను ఆరు గంటలకు లేచాను. కాఫీ తాగాను. తరువాత బండిలో బెర్లిన్ వెళ్ళి అక్కడే ఉండిపోయాను.

జవాబులు

అభ్యాసం 1: ఇష్ హాబె ఐన్ బూఖ్ గెలేజెన్. ఏర్ ఇస్ట్ ష్పేట్ గెకొమ్మెన్. వియర్ హాబెన్ టే గెట్రుంకెన్. జీ ఇస్ట్ ట్సు హౌజె గెబ్లీబెన్. ఇష్ హాబె ఐనెన్ బ్రీఫ్ బెకొమ్మెన్. డస్ కింట్ ఇస్ట్ ఐన్‌గెష్లాఫెన్.

అభ్యాసం 2: మొదటిది ప్రయాణం కాబట్టి "బిన్" రావాలి. రెండోదానిలో తినడం చోటు మార్పు కాదు, అందుచేత "హాబెన్". మూడోదానిలో కృదంతం చివరికి పోవాలి: డూ హస్ట్ ఐనెన్ బ్రీఫ్ గెష్రీబెన్.

అభ్యాసం 3: గెస్టెర్న్ బిన్ ఇష్ ఉమ్ జెక్స్ ఊర్ ఔఫ్‌గెష్టండెన్. ఇష్ హాబె కఫే గెట్రుంకెన్. డన్ బిన్ ఇష్ నాఖ్ బెర్లీన్ గెఫారెన్ ఉంట్ డోర్ట్ గెబ్లీబెన్. చివరి వాక్యంలోని రెండు క్రియలకూ జైన్ రావడం వల్ల ఒక్క "బిన్" సరిపోయింది. వాటిలో ఒకటి హాబెన్ క్రియ అయి ఉంటే రెండో సహాయక క్రియనూ పలకవలసి వచ్చేది.