మూసీ వరద, 1908: సెమినార్‌లో మీ చేతికిచ్చే కాగితం

స్లయిడ్లు డెబ్బై దాకా ఉన్నాయి, మీ చేతిలో ఉన్నది మాత్రం ఒక్క కాగితమే. తేదీలు, మట్టాలు, లెక్కలు వింటే గుర్తుండవు కాబట్టి అవి ఇక్కడ వేశాను. ఫొటోలు, మనుషుల సంగతులు, ఇంకా తేలని వాదనలు నోటితోనే చెప్తాను. ఇందులో ఉన్నవాటిని మళ్లీ నోట్స్ రాసుకోకండి, తల పైకెత్తి వినండి.

ఏం జరిగింది

1908 సెప్టెంబరు 28. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలం. మూసీ పొంగి రెండు ఒడ్డులనూ ముంచేసింది.

ఎందుకు జరిగింది (ఇది మాత్రం రెండుసార్లు చదవండి)

వాన ఒక్కటే కారణం కాదు. 1909లో హైదరాబాద్ వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క ఇది: నగరానికి ఎగువన మూసీ పరీవాహకం 860 చదరపు మైళ్లు, అందులో చెరువులు 788, అంటే దాదాపు చదరపు మైలుకొకటి. వాటిలో 221 తెగాయి. మనవి గొలుసుకట్టు చెరువులు కదా, పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి వస్తాయి, అదే పైకట్ట తెగితే నిల్వ ఉన్న నీళ్లన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి, అప్పటికే నిండిన కింది చెరువు ఆగలేదు, దాని కట్టా తెగుతుంది, ఇలా నగరం చేరేసరికి వాన నీటికి చెరువుల నీరు కలిసిపోతుంది.

తర్వాత కట్టినవి

ఉస్మాన్‌సాగర్ (గండిపేట): మూసీ మీద, 1920. పూర్తి మట్టం 1,790 అడుగులు, 3.9 టీఎంసీలు.
హిమాయత్‌సాగర్: మూసీ ఉపనది ఈసీ మీద, 1927. పూర్తి మట్టం 1,763.5 అడుగులు, 2.97 టీఎంసీలు.
జీవో 111 వచ్చింది 1996లో, ఈ రెండింటి చుట్టూ 10 కిలోమీటర్ల వరకు నిర్మాణాలపై ఆంక్షలు పెడుతూ.

ఇక్కడ లేనివి

మృతుల సంఖ్య కావాలనే వేయలేదు. అంచనాలు ఒకదానితో ఒకటి పొసగవు, ఒక అంకె అచ్చయితే రేపు మీ వ్యాసాల్లో అదే ఖాయమైపోతుంది, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో విన్నాక మీరే రాసుకోండి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో జనం ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు, అదే వరదలో తల్లినీ భార్యనూ కూతుర్నీ పోగొట్టుకున్న ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ: వాళ్ల గురించి రెండు ముక్కల్లో రాయడం నాకు ఇష్టం లేదు, తీరిగ్గా చెప్తాను.

చర్చకు

2020 అక్టోబరులో బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగర్ మునిగింది. అది ఆ రెండు జలాశయాలు ఆపగలిగే నీరేనా? పై లెక్కలు చూసి, మ్యాప్ స్లయిడ్ వచ్చేలోపు జవాబు ఆలోచించి పెట్టుకోండి, అక్కడే ఆపి మిమ్మల్ని అడుగుతాను.