ప్రతికూల రాజకీయ ప్రకటనలు: పోలింగ్ మీద, విశ్వాసం మీద ప్రభావం – సెమినార్ సమీక్షా పత్రం

ఒక పార్టీ తాను చేసిన పనులు చెప్పుకోవడానికి కాక, ఎదుటి పార్టీనో అభ్యర్థినో తప్పుపట్టడానికి ఇచ్చే ప్రకటనను ప్రతికూల ప్రకటన అంటున్నాం. ఇటువంటి ప్రకటనలు ఓటరును పోలింగ్ కేంద్రానికి రాకుండా చేస్తాయా, రాజకీయాల మీద, ప్రభుత్వం మీద ఉన్న నమ్మకాన్ని తగ్గిస్తాయా అన్న రెండు ప్రశ్నలు మూడు దశాబ్దాలుగా పరిశోధనల్లో జంటగా నడుస్తున్నాయి. వాటిని విడదీసి చూడాలని, పోలింగ్ శాతం మీద జరిగిన వాదోపవాదాల వల్ల విశ్వాసానికి సంబంధించిన ఫలితం మరుగున పడిందని, వరంగల్‌లో మన విభాగం చేపట్టే అధ్యయనం దీన్ని దృష్టిలో పెట్టుకోవాలని ఈ పత్రంలో నేను వాదిస్తున్నాను.

చర్చకు ఊపునిచ్చింది స్టీఫెన్ ఆన్సొలాబెహేర్, శాంటో అయ్యంగార్ బృందం అమెరికాలో చేసి 1994లో ప్రచురించిన అధ్యయనం. స్థానిక టీవీ వార్తల మధ్య 30 సెకన్ల రాజకీయ ప్రకటన ఒకదాన్ని చొప్పించి, పాల్గొన్నవారికి చూపించారు. దృశ్యాలను అలాగే ఉంచి, మాటలను మాత్రం కొందరికి అభ్యర్థిని మెచ్చుకునేలా, మరికొందరికి ప్రత్యర్థిని విమర్శించేలా మార్చారు. ఓటు వేస్తామన్నవారు మెప్పు చూసిన వర్గంలో కంటే విమర్శ చూసిన వర్గంలో సుమారు 5 శాతం పాయింట్లు తక్కువగా ఉన్నారు. ఏ పార్టీకీ గట్టిగా కట్టుబడని ఓటర్లలో ఈ ప్రభావం ఎక్కువగా ఉందని వారు 1995లో వెలువరించిన పుస్తకంలో వివరించారు. ఒక్క మాటల తేడా తప్ప మిగతా అన్నిటినీ సమానంగా ఉంచగలగడం ఈ ప్రయోగానికున్న నిజమైన బలం. అయితే ఓటు వేస్తానని చెప్పడం వేరు, పోలింగ్ రోజు పొద్దున్నే లేచి వరుసలో నిలబడడం వేరు.

1999లో మార్టిన్ వాటెన్‌బర్గ్, క్రెయిగ్ బ్రయన్స్ అమెరికా జాతీయ ఎన్నికల సర్వేల ఆధారంగా ఈ వాదనను ఖండించారు. ప్రతికూల ప్రకటనలు చూసినట్టు గుర్తున్నవారు ఓటు వేయడంలో వెనకబడలేదని చూపించారు. ఈ పద్ధతికీ ఒక చిక్కుంది. రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవారికే ప్రకటనలు ఎక్కువగా గుర్తుంటాయి, ఓటు వేసేదీ ఎక్కువగా వారే. కాబట్టి కనిపించిన సంబంధంలో ప్రకటన వాటా ఎంత, ఆసక్తి వాటా ఎంత అన్నది తేలదు. దీనికి మరో చిక్కు తోడవుతుంది. పోటీ హోరాహోరీగా ఉన్నచోటే విమర్శలూ పెరుగుతాయి, జనమూ ఎక్కువగా కదులుతారు. అంతమాత్రాన విమర్శే జనాన్ని కదిలించిందనడం తొందరపాటు.

ఈ వాదోపవాదాన్ని చాలావరకు తేల్చింది రిచర్డ్ లావ్, లీ సిగెల్‌మన్, ఐవీ బ్రౌన్ రోవ్నర్ 2007లో ప్రచురించిన మెటా విశ్లేషణ. 111 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, ప్రతికూల ప్రచారం మొత్తంమీద పోలింగ్‌ను తగ్గిస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేలింది. దాడి చేసినవారికి ఓట్లు కలిసివస్తాయన్నదీ రుజువు కాలేదు. కానీ అదే విశ్లేషణలో ప్రభుత్వం మీద విశ్వాసం, రాజకీయాల్లో తమ మాటకు విలువ ఉందన్న భావన కొద్దికొద్దిగా తగ్గుతున్నట్టు కనిపించింది. ఈ మెటా విశ్లేషణను ఉదహరించేవారు తరచు మొదటి భాగం చెప్పి ఆపేస్తారు. విశ్వాసంలో వచ్చిన తగ్గుదల చిన్నదే కావచ్చు, కానీ అది ప్రతి ఎన్నికలోనూ జరుగుతుందని గుర్తుంచుకోవాలి.

విమర్శలన్నీ ఒక రకం కావు. కిమ్ కాన్, పాట్రిక్ కెన్నీ 1990 అమెరికా సెనేట్ ఎన్నికలను పరిశీలించి, పాలనకు సంబంధించిన, మర్యాద దాటని విమర్శ ఓటర్లను కదిలిస్తుందని, బురదజల్లుడు వారిని దూరం చేస్తుందని 1999లో చెప్పారు. ప్రతికూల ప్రకటనల్లో సానుకూల ప్రకటనల కంటే ఎక్కువ ఆధారాలు, ఎక్కువ విధాన చర్చ ఉంటాయని జాన్ గీర్ 2006లో వాదించారు. గీర్ వాదనను తేలిగ్గా తీసుకోలేం. హామీ అమలు కాలేదని ఎత్తిచూపకుండా అధికారంలో ఉన్నవారిని జవాబు అడిగే మార్గమే లేదు. అయితే డయానా మట్జ్, బైరన్ రీవ్స్ 2005లో వెల్లడించిన ప్రయోగాన్ని దాని పక్కన పెట్టి చదవాలి. నటులతో చేయించిన టీవీ చర్చను ఒకసారి మర్యాదగా, మరోసారి అవే రాజకీయ వాదాలతో దురుసుగా చూపిస్తే, దురుసు చర్చ చూసినవారిలో రాజకీయ విశ్వాసం తగ్గింది. చూడడానికి మాత్రం అదే ఎక్కువ రక్తి కట్టింది. వ్యతిరేకించే తీరే విశ్వాసాన్ని దెబ్బతీస్తుందని దీన్ని బట్టి అర్థమవుతోంది.

దాడి ఏ సమయంలో జరిగిందన్నది కూడా ముఖ్యమని యానా క్రుప్నికోవ్ 2011లో చెప్పారు. ఓటరు ఎవరికి వేయాలో నిశ్చయించుకున్న తర్వాత, తాను ఎంచుకున్న అభ్యర్థి మీదే దాడి జరిగితే, అప్పుడు ఓటు మానేసే అవకాశం ఉందని ఆమె నిర్ధారణ.

వీటిని వరంగల్‌కు అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం. అమెరికా అధ్యయనాలు ప్రధానంగా ఇద్దరి పోటీని ఊహించుకున్నవి. మన నియోజకవర్గాల్లో త్రిముఖ పోటీ మామూలు. ఇటలీలో మేయర్ ఎన్నికల మీద జరిగిన ప్రయోగంలో ఒకరు మరొకరిని విమర్శిస్తే లాభం మూడో అభ్యర్థికి పోయింది. ఇక పోలింగ్ సంగతి చూస్తే, తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో 2018లో 73 శాతానికి పైగా, 2023లో 71 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. గ్రామాల్లో బంధుత్వాలు, బూత్ కార్యకర్తలు, సొంతూరికి వచ్చి ఓటేసే అలవాటు కలిసి ఈ శాతాన్ని నిలబెడుతున్నాయి. అందుకే ప్రకటనలు చేసే నష్టం పోలింగ్ లెక్కల్లో బయటపడదు. 2023 ప్రచారం చివరి వారంలో నర్సంపేట రోడ్డు మీద ఒక హోటల్లో నలుగురు ఒకే ఫోన్‌లో ఒక వీడియో చూస్తున్నారు. అభ్యర్థి ముఖాన్ని జంతువు ఒంటికి అతికించి, వెనక డీజే పాట పెట్టారు. ఎవరు తయారు చేశారో అందులో ఎక్కడా లేదు. హోటల్ యజమాని నవ్వి, "ఎవడొచ్చినా గంతే సారూ, అందరు దొంగలే. ఓటైతే ఏస్తం, ఎందుకెయ్యం?" అన్నారు. సర్వేలో ఆయన ఓటరుగానే లెక్కకు వస్తారు. మిగతా మాట ఏ గడిలోనూ పడదు.

చట్టం కూడా ఈ నష్టాన్ని పూర్తిగా అందుకోలేకపోతోంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(4) సెక్షన్ ప్రకారం అభ్యర్థి వ్యక్తిగత శీలం గురించి అబద్ధమని తెలిసీ ప్రచురించడం అవినీతికర చర్య. కానీ దాని మీద ఫలితం వచ్చాక 45 రోజుల్లోపు ఎన్నికల పిటిషన్ వేయాలి, ఆ ప్రచురణలో అభ్యర్థికో ఏజెంటుకో ప్రమేయమో సమ్మతో ఉందని రుజువు చేయాలి. 127ఎ సెక్షన్ కరపత్రం మీద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు ఉండాలంటుంది. టీవీ ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ విధానం 2004లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో వచ్చింది. ఆ కేసు పుట్టింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనే. ఊరూపేరూ లేకుండా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వీడియో విషయంలో మాత్రం ఈ నియమాలను ఎవరి మీద ప్రయోగించాలో తెలియదు.

కాబట్టి మన విభాగం చేపట్టే అధ్యయనం పోలింగ్‌ను మాత్రమే కొలమానంగా పెట్టుకోకూడదు. వరంగల్ పశ్చిమ వంటి నగర నియోజకవర్గం ఒకటి, నర్సంపేట వంటి గ్రామీణ నియోజకవర్గం ఒకటి ఎంచుకుని, అవే కుటుంబాలను నోటిఫికేషన్‌కు ముందు, పోలింగ్‌కు వారం ముందు, ఫలితాల తర్వాత కలవాలని నా ప్రతిపాదన. చూసిన ప్రకటనల గురించి జ్ఞాపకం మీద ఆధారపడి అడగకుండా, వార్తాపత్రికల్లో, ప్రచార ఆటోల్లో, ఫోన్లలో వచ్చిన వాటిని మనమే సేకరించి, పాలన మీద విమర్శ, వ్యక్తి మీద దూషణ అని రెండుగా వర్గీకరించాలి. అభ్యర్థి మీద, పార్టీ మీద, ఎన్నికల వ్యవస్థ మీద విశ్వాసాన్ని వేర్వేరు ప్రశ్నలతో అడగాలి. ప్రశ్నలు ఇక్కడి వాడుక భాషలోనే ఉండాలి. పార్టీ కార్యకర్తలు పక్కన లేనప్పుడు, వీలైతే మహిళలను మహిళా పరిశోధకులే అడగాలి.