మెగ్నీషియం దగ్గర ఆగిపోయిన రికార్డు

రాత్రి పదకొండు దాటింది, పొద్దున్నే రికార్డు సబ్మిట్ చేయాలి, నేనింకా సాల్ట్ ఎనాలిసిస్ దగ్గరే ఉన్నా. ఉప్పుని మంటలో పెట్టి రంగు చూసే ఫ్లేమ్ టెస్ట్ టేబుల్ అంటే చూడకుండా రాసేస్తా. లిథియం ముదురు ఎరుపు, సోడియం బంగారు పసుపు, పొటాషియం లేత ఊదా, కాల్షియం ఇటుక ఎరుపు, బేరియం ఆపిల్ పచ్చ. చెయ్యి దానంతట అదే రాసుకుంటూ పోతోంది. మెగ్నీషియం దగ్గరికొచ్చేసరికి "రంగు లేదు" అని రాసి పెన్ను ఆపేశా.

ఎందుకు లేదు? పీరియాడిక్ టేబుల్ లో కాల్షియం పైనే కదా ఉండేది, బయటి షెల్ లో రెండు ఎలక్ట్రాన్లు దానికీ ఉన్నాయి దీనికీ ఉన్నాయి, బర్నర్ అదే, ప్లాటినం వైరూ అదే, HCl తో చేసిన పేస్టూ అదే. ఒకటి ఎర్రగా వెలుగుతుంది, ఇంకోటి అసలేమీ ఇవ్వదు.

"అక్కా, మెగ్నీషియం ఎందుకు రంగివ్వదు?" అని అడిగా. సునీతక్క నా రూమ్మేటు, ఫైనల్ ఇయర్, ఫిజిక్స్ మెయిన్. మంచం మీద పడుకుని ఏదో చదువుకుంటోంది.

"మిగతావి ఎందుకిస్తాయో చెప్పు ముందు," అంది తలెత్తకుండానే.

"వేడికి."

"ఇనప చువ్వ కూడా వేడికే వెలుగుతుంది కదే. ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఇంకా వేడి చేస్తే పసుపు, ఆ తర్వాత తెలుపు. అదే వేడిలో ప్లాటినం వైర్ పెట్టినా ఇంచుమించు అంతే. మరి నీ సోడియం ఎప్పుడూ పసుపే ఎందుకు? బర్నర్ మంట కాస్త పెంచితే తెల్లబడుతుందా?"

తెల్లబడదు. ల్యాబ్ లో కళ్ళారా చూశాం, గాలి రంధ్రం ఎక్కువ తెరిచినా తక్కువ తెరిచినా సోడియం పసుపు సోడియం పసుపే. వేడి పెరిగితే ఇంకా బాగా వెలుగుతుందేమో గానీ రంగు మారదు. పైగా క్లోరైడ్ పెట్టినా కార్బొనేట్ పెట్టినా నైట్రేట్ పెట్టినా ఒకటే రంగు. అంటే ఆ పసుపుని ఇచ్చేది ఉప్పు మొత్తం కాదు, మంట కూడా కాదు, సోడియమే. ఇది నాకు తెలియని విషయం కాదు, వైవాలో అడిగితే గడగడా చెప్పేస్తా, కానీ అలా ఎందుకని ఆ రాత్రి దాకా ఎప్పుడూ అనుకోలేదు.

అక్క లేచి, పాత బుక్కుల మధ్య నుంచి గీతలు పడ్డ సీడీ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "ముందు నీ టేబుల్ ల్యాంప్ కింద పెట్టి చూడు."

నాది ఎల్ఈడీ ల్యాంపు. సీడీని వంచి పట్టుకుంటే ఎరుపు నుంచి ఊదా దాకా రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఎక్కడా తెగకుండా కనిపించాయి. "ఇప్పుడు కారిడార్ లో ట్యూబ్ లైట్ కింద," అంది. బయటికెళ్ళి, ట్యూబ్ చాలా సన్నగా కనిపించేంత దూరంలో నిలబడి సీడీ తిప్పితే, అక్కడ రంగులు అలా కలిసిపోయి లేవు. ఒక పచ్చ గీత విడిగా, మెరుస్తూ, దానికి కాస్త దూరంలో నీలం-ఊదా గీత, మధ్యలో చీకటి. రెండూ మామూలు కంటికి తెల్లగానే కనిపించే లైట్లు. ఒకటి అన్ని రంగులూ కలిపి ఇస్తోంది, ఇంకోటి కొన్నిటినే ఏరి ఇస్తోంది.

"ఆ పచ్చదాని తరంగదైర్ఘ్యం 546 నానోమీటర్లు, ఊదాదానిది 436. ట్యూబ్ లోపలున్న మెర్క్యురీ ఆవిరి ఇచ్చేవి. మిగతా రంగులు గాజుకి లోపల పూసిన పౌడర్ వి," అని తలుపు దగ్గర్నుంచే చెప్పింది అక్క. "మెర్క్యురీ ఏ దేశంలో పెట్టి చూసినా ఆ గీతలు అక్కడే ఉంటాయి."

రూమ్ లోకొచ్చి రఫ్ బుక్ తీశా. సోడియం పసుపు 589 నానోమీటర్లని మా బుక్ లోనే ఉంది, ఇన్నాళ్ళూ దాన్నొక అంకెలా చదివానంతే. తరంగదైర్ఘ్యం నుంచి ఎనర్జీ తీయడానికి E = hc/λ. ఎలక్ట్రాన్ వోల్టుల్లో కావాలంటే 1240ని నానోమీటర్లతో భాగిస్తే చాలు. 1240 బై 589, సుమారు 2.1. తర్వాత సోడియం ఎనర్జీ లెవెల్స్ బొమ్మ ఉన్న పేజీ తీశా, బయటి ఎలక్ట్రాన్ 3s లో ఉంటుంది, దాని పైన మొదటి లెవెల్ 3p, రెండిటి మధ్య తేడా అని రాసిన చోట వేలు పెట్టి చూస్తే 2.1.

అదే అంకె!

ఒక నిమిషం పాటు ఆ రెండు అంకెల్నీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నా. ఒకటి ల్యాబ్ లో నేను చూసిన రంగు నుంచి వచ్చింది, ఇంకోటి ఆటమ్ లోపల రెండు లెవెల్స్ మధ్య ఉన్న దూరం. మంటలో ఆటమ్స్ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, ఆ గుద్దుడుకి ఎలక్ట్రాన్ 3p కి ఎగురుతుంది, అక్కడ నిలవదు, 16 నానోసెకన్లలో కిందికి వచ్చేస్తుంది, వచ్చేటప్పుడు ఆ 2.1ని వెలుగుగా వదిలేస్తుంది. మధ్యలో ఆగడానికి ఇంకో లెవెల్ లేదు కాబట్టి సగం ఇచ్చి సగం దాచుకోవడం కుదరదు. మంట ఎంత పెంచినా లెవెల్స్ మధ్య దూరం మారదు, అందుకే రంగూ మారదు. సోడియం అక్కడ కాలట్లేదు, దాని ఎలక్ట్రాన్ ఎక్కుతోంది, దిగుతోంది, అంతే!

"అక్కా, పసుపు అంటే 3p నుంచి 3s కి దిగడమేనా?" అని దాదాపు అరిచా, పక్క రూమ్ వాళ్ళు గోడ కొట్టారు.

"నెమ్మది. అవును. సరిగ్గా చూస్తే రెండు గీతలుంటాయి, 589.0, 589.6. 3p లోనే చిన్న చీలిక ఉంది, ఎలక్ట్రాన్ స్పిన్ వల్ల."

నాకు వెంటనే ఒక డౌట్ వచ్చింది. నా వరకూ ఆ రాత్రంతటికీ అసలు ప్రశ్న ఇదే. మనం పెట్టేది ఉప్పు కదా, ఉప్పులో ఉండేది Na⁺ కదా, బయటి ఎలక్ట్రాన్ ఎప్పుడో క్లోరిన్ కి ఇచ్చేసింది, మరి లేని ఎలక్ట్రాన్ ఎలా ఎగురుతుంది? అక్క దీనికి చదివేది పక్కన పెట్టి లేచి కూర్చుంది. ఘన పదార్థంగా ఉన్నప్పుడే అయాన్లు, మంటలో అది ముందు ఆవిరైపోతుంది, ఆ ఆవిరిలో NaCl మాలిక్యూల్ విడిపోయేటప్పుడు ఎలక్ట్రాన్ సోడియంకి తిరిగొచ్చేస్తుంది, రెండూ మామూలు ఆటమ్స్ గా విడిపోతాయి అని చెప్పింది. వెలిగేది ఆ ఒంటరి సోడియం ఆటమే. Na⁺ అయాన్ గానే ఉండిపోయి ఉంటే దాని ఎలక్ట్రాన్లని కదపడానికి కావాల్సిన ఎనర్జీ ఎక్కడో అల్ట్రావయొలెట్ లో చాలా దూరాన ఉంది, బర్నర్ వల్ల కాదు. HCl తో పేస్ట్ చేయమనేది కూడా అందుకేనట, చాలా లోహాల క్లోరైడ్లు తేలిగ్గా ఆవిరవుతాయి. ఆ స్టెప్పుని ప్రొసీజర్ లో ఎన్నిసార్లు కాపీ కొట్టి ఉంటామో, ఎవరూ ఎందుకని అడగరు, చెప్పే వాళ్ళు చెప్పరు, నా దృష్టిలో ఇది నిజంగా బాధపడాల్సిన విషయం.

అక్కడితో ఆగబుద్ధి కాలేదు. మంట టెంపరేచర్ 2000 కెల్విన్ అనుకుంటే ఎన్ని ఆటమ్స్ పైకి ఎగిరి ఉంటాయో బోల్ట్జ్‌మన్ ఫార్ములాలో వేసి చూశా. ఏ క్షణంలో చూసినా లక్షలో ఒకటో రెండో, అంతే! ఇంత తక్కువైతే మంట మొత్తం అంత పసుపుగా ఎలా నిండిపోతుందా అనుకున్నా, కానీ ఒక్కోటి పైన ఉండేది 16 నానోసెకన్లే కదా, దిగగానే ఇంకోటి ఎక్కుతుంది, ఆ లెక్కన ఒక్కో ఆటమ్ సెకనుకి వెయ్యి సార్ల దాకా వెలుగుతుంది. వైర్ చివర చిటికెడు ఉప్పులో ఉన్న ఆటమ్స్ ఎన్నో ఊహించుకుంటే ఇంక లెక్క పెట్టాల్సిన పని లేదు.

లిథియం 671, 2p నుంచి 2s కి, 1.85 ఎలక్ట్రాన్ వోల్టులు, ఎరుపు. సరిపోయింది. పొటాషియం మాత్రం కాసేపు సతాయించింది. 4p నుంచి 4s కి దిగితే 767 దగ్గరొస్తుంది, అది కంటికి కనిపించీ కనిపించనంత ముదురు ఎరుపు, మరి మనం చూసే ఊదా ఎక్కడిది? 5p నుంచి నేరుగా 4s కి దిగే ఎలక్ట్రాన్లదట, 404 నానోమీటర్లు. అది బలహీనంగా ఉంటుంది కాబట్టే కాస్త సోడియం కలిసినా ఊదా కనిపించకుండా పోతుంది, అందుకే మనం కోబాల్ట్ నీలం గాజులోంచి చూస్తాం, ఆ గాజు పసుపుని మింగేస్తుంది.

అప్పుడు మెగ్నీషియం దగ్గరికి వెనక్కొచ్చా. దాని మెయిన్ గీత 285 నానోమీటర్లు. 1240 బై 285, 4.35. మొదటి సంగతి, అది అల్ట్రావయొలెట్, వచ్చినా నా కంటికి కనపడదు. రెండోది, అదే మంటలో అదే ఫార్ములా వేస్తే సోడియంలో లక్షకి ఒకటీ రెండూ ఎగిరినట్టు ఇక్కడ ఎగరవు, పది వేల కోట్లలో ఏ మూడో నాలుగో. టేబుల్ లో "రంగు లేదు" అన్నది పొరపాటున ఖాళీగా మిగిలిపోయిన గడి కాదన్నమాట, మిగతా వాటికి ఏ కారణమో దానికీ అదే కారణం.

"మరి కాల్షియం, బేరియం కూడా ఇంతేనా?" అన్నా, వాటి లెక్కలు కూడా ఇప్పుడే వేసేద్దామని.

"అవి ఇంత తేలిక కాదు. నువ్వు చూసే ఇటుక ఎరుపు ఎక్కువగా CaOH ది, మంటలో పుట్టే మాలిక్యూల్. అక్కడ కూడా ఎలక్ట్రానే దిగుతుంది, కానీ మాలిక్యూల్ ఊగుతుంది తిరుగుతుంది, అందుకని గీత బదులు వెడల్పాటి పట్టీ వస్తుంది. స్ట్రాన్షియం కూడా అంతే."

"అంటే లిథియం, స్ట్రాన్షియం రెండూ కంటికి ఎరుపే గానీ, స్పెక్ట్రోస్కోప్ లో చూస్తే ఒకటి గీత, ఒకటి పట్టీ?"

"అవును. బున్సెన్, కిర్చాఫ్ చేసింది అదే కదా. 1860లో మినరల్ వాటర్ లోంచి తీసిన ఉప్పుల్ని మంటలో పెట్టి చూస్తే తెలిసిన ఏ మూలకానికీ చెందని నీలం గీతలు కనిపించాయి, అలా సీజియం దొరికింది. తర్వాతి ఏడాది రుబీడియం. ఎలక్ట్రాన్ అనేదొకటి ఉందని అప్పటికి ఎవరికీ తెలీదు, గీతల్ని నమ్ముకుని వెళ్ళారంతే. ఎందుకు వస్తున్నాయో చెప్పడానికి 1913లో బోర్ రావాల్సొచ్చింది."

ఆ మాట విన్నాక ఇంక రికార్డు పూర్తి చేయాలనిపించలేదు గానీ చేయక తప్పదు కదా, మెగ్నీషియం పక్కన "రంగు లేదు" కింద చిన్న అక్షరాలతో 285 నానోమీటర్లు, 4.35 ఎలక్ట్రాన్ వోల్టులు అని రాశా. సార్ కొట్టేస్తే కొట్టేయనీ, అడిగితే చెప్తా.

"అక్కా, మీ ల్యాబ్ లో స్పెక్ట్రోమీటర్, గ్రేటింగ్ ఉన్నాయి కదా, రేపు ప్రాక్టికల్స్ అయిపోయాక మమ్మల్ని రానిస్తారా? లిథియం క్లోరైడ్, స్ట్రాన్షియం క్లోరైడ్ మా ల్యాబ్ నుంచి అడిగి తెస్తా."

"మీ సార్ ని అడిగి రా, మా మేడమ్ ని నేను అడుగుతా. బర్నర్ ఎక్కడిది కానీ? మా దగ్గర సోడియం ల్యాంప్ ఉంది, బర్నర్ లేదు."

"స్పిరిట్ ల్యాంప్ సరిపోతుందా?"

"సోడియంకి సరిపోతుంది. స్ట్రాన్షియంకి డౌటే," అని అక్క నా రఫ్ బుక్ లాక్కుని టెంపరేచర్ మార్చి లెక్క మొదలెట్టింది.