బాబు కోసం బిస్కెట్ ప్యాకెట్ వెనక మాటలు, తెలుగులో

చెల్లీ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. మన బాబుకి పల్లీలూ గోధుమలోని గ్లూటెనూ పడవు కదా, అందుకే ప్యాకెట్ వెనక మాటలు తెలియాలి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలవు కాబట్టి, మాట పలికినట్టే రాసి పక్కన అర్థం చెబుతున్నాను. వంటింటి తలుపుకి అంటించుకో.

‘కంటైన్స్ వీట్, మిల్క్, సోయా’: ఇందులో గోధుమ, పాలు, సోయా ఉన్నాయి. అనుమానమే లేదు, వేసి చేశారు.

‘మే కంటైన్ ట్రేసెస్ ఆఫ్ నట్స్’: దీన్ని ‘కొంచెం ఉండొచ్చులే’ అని చదవకు. నట్స్ కావాలని వేయలేదు, కానీ అదే మెషీన్ మీద నట్స్ ఉన్న సరుకు కూడా చేస్తారు, పొడో ముక్కో ఇందులో కలిసి ఉండొచ్చు అని అర్థం. పల్లీ చిక్కీ కోసిన చాకుని తుడిచి, దాంతోనే అరటిపండు కోసినట్టు. మన బాబుకి ఇది వద్దు. ఆ మాట లేనంత మాత్రాన ఏమీ కలవలేదని భరోసా కూడా కాదు.

‘నట్స్’ని తెలుగులో పప్పులు అంటే కందిపప్పు గుర్తొస్తుంది, గింజలు అంటే పుచ్చ గింజలు గుర్తొస్తాయి. అందుకే పేర్లే రాస్తున్నా: జీడిపప్పు, బాదం, పిస్తా, అక్రోట్. ‘పీనట్’, ‘గ్రౌండ్‌నట్’ రెండూ పల్లీలే. వీటిలో బాబుకి పడనిది అదే, ఎర్ర పెన్నుతో గీసుకో.

‘గ్లూటెన్’: గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే మాంసకృత్తు. పూరీ పిండి లాగితే సాగుతుందే, ఆ సాగుడు దీనివల్లే. అన్నం జిగురు వేరు, బియ్యంలో గ్లూటెన్ లేదు. మైదా, బొంబాయి రవ్వ, గోధుమ సేమ్యా అన్నీ గోధుమే. ‘మాల్ట్’ అంటే సాధారణంగా మొలకెత్తించిన బార్లీ, అదీ వద్దు. ఇంకొకటి ఎవరూ చెప్పరు: డబ్బాలో అమ్మే ఇంగువలో చాలావాటిలో గోధుమ పిండి కలుపుతారు. పప్పులో చిటికెడే కదా అనుకోకు. సీలియాక్ అనే గ్లూటెన్ పడని జబ్బు ఉన్న పిల్లాడికి అదీ పనికిరాదు.

‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశంలో రూలు. ‘వీట్ ఫ్రీ’ అంటే గోధుమ లేదని మాత్రమే, బార్లీ ఉండొచ్చు.

‘కేసిన్’, ‘వే’ రెండూ పాలవే. బాబుకి పాలు పడతాయి కాబట్టి టెన్షన్ వద్దు.

పోషకాల పట్టికలో ‘పర్ 100 గ్రామ్’ గడి చూడు, ‘పర్ సర్వ్’ గడి వాళ్లు అనుకున్న ఒక వడ్డనకి. సోడియం 400 మిల్లీగ్రాములంటే ఉప్పు దాదాపు 1 గ్రాము. ‘నో యాడెడ్ షుగర్’ అంటే విడిగా చక్కెర వేయలేదని, తీపే లేదని కాదు.

ముందు మీ ఇంగువ డబ్బా వెనక వైపు ఫోటో తీసి పంపు. సాయంత్రం పప్పు పోపు పెట్టేలోపే చూసి చెబుతాను.

అక్క