ఇంకా మూడు మూరలు
(నాన్న సంవత్సరీకానికి పాట)

పాడేవాళ్లకి:

ఇది సంవత్సరీకం నాటి సాయంత్రం, భోజనాలయ్యాక, మన ఇంటి పంచలో పాడడానికి రాసుకున్నది. మైకు వద్దు, డోలక్కూ వద్దు. చెక్కపీట మీద వేళ్లతో కొడితే చాలు. నడక మూడు దెబ్బలది: తొక్కు, విసురు, కొట్టు. మగ్గం పక్కన పెరిగినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. పల్లవి చెల్లి ఎత్తుకుంటుంది, చరణాలు నేను పాడతాను, మధ్యలో మాటలూ నావే. నా గొంతు ఎక్కడైనా పట్టేస్తే ఆగుతాను, మీలో ఎవరైనా అందుకోండి. ఏడుపు గొంతు పెట్టి మాత్రం పాడొద్దు. రేడియోలో అలాంటి పాటొస్తే నాన్న స్టేషను మార్చేసేవాడు.

సాకి (తాళం లేకుండా, నెమ్మదిగా)

పొందూరు వీధిలో పొద్దు పొడవకముందే
పడుగు చాపేవాళ్ల పాదాల చప్పుడు
కుంచెకు గంజి తడి, గడ్డికి మంచు తడి
మా ఇంటి గుమ్మాన చుట్ట నిప్పు ఎరుపు

పల్లవి

తొక్కావు, విసిరావు, కొట్టావు నాన్నా
ఒక్కొక్క పోగుగా పెంచావు నన్ను
మూడు మూరల పడుగు మిగిలింది నాన్నా
నీ కాళ్లు ఆనిన మట్టి చల్లబడె నేడు

చరణం 1

కొండపత్తి గింజ అమ్మ ఏరేది
వాలుగ చేప దవడ దువ్వెనయ్యేది
పళ్ల సందున దూది పాలనురుగై పొంగి
ఏకులై అరటి దూటలో ఒదిగేది
అమ్మ వడికే నూలు, నువు నేసే బట్ట
నడుమ కూర్చుని నేను కండెలు చుట్టేదాన్ని
చుట్టుతూ చుట్టుతూ కునుకు తీస్తే
నులక మంచం మీద తెల్లవారేది
‘ఎవరెత్తి వేశార’ని నిన్నడిగితే
‘నువ్వే నడిసెల్లినావు’ అనేవాడివి

(పల్లవి)

మాట

మా నాన్నని దేవుణ్ని చేసి పాడను. ఆయనకే నచ్చదు. రథసప్తమికి అరసవల్లి వెళ్లి, క్యూలో నిలబడి, సూర్యనారాయణమూర్తికి దండం పెట్టుకుని వచ్చేవాడు. దేవుడితో ఆయన లావాదేవీ ఏడాదికి ఆ ఒక్కరోజే. మిగిలిన రోజులన్నీ కోపం ముక్కు మీదే ఉండేది. చుట్ట మానమంటే మానలేదు. సంతలో బేరం ఆడితే అమ్మ పది అడుగుల దూరం నిలబడేది, ఈ మనిషెవరో తెలియనట్టు.

దేశమంతా కట్టుకునే బట్ట నేసి, ఇంట్లో తను కట్టింది మిల్లు లుంగీ. ‘ఒక్క పంచె అట్టిపెట్టుకో నాన్నా’ అంటే, ‘మన సరుకు మనమే కట్టీస్తే సంఘమోళ్లు ఏటమ్ముతారే?’ అని నవ్వేవాడు. నవ్వితే పైపన్ను లేని చోటు కనిపించేది.

చరణం 2

వంద కౌంటు నూలు వెంట్రుకకు చెల్లెలు
ఊపిరి గట్టిగా తగిలితే తెగును
ఎండకు గాలంతా పొడిబారినపుడు
పూటపూటంతా ఆగాగి నడిచేను
తిట్టే నోరు నీది, ఊరెరిగినదే
పోగు తెగినప్పుడే మూగయ్యేవాడివి
వేలి కొసన తడి, చిటికెలో ముడి
ఎక్కడ తెగిందో బట్టకే తెలియదు
మేం తప్పు చేస్తే వీధికి వినబడేది
నూలు తప్పు చేస్తే నీకే తెలిసేది

(పల్లవి. ఇక్కడ చెల్లి ఒక్కతే పాడాలి)

మాట

2014 అక్టోబరు. హుద్‌హుద్ వచ్చిన ఆదివారం. విశాఖ మీద పడిన గాలి మన జిల్లానీ వదల్లేదు. కరెంటు లేదు, ఫోను లేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఉన్న విలువైన వస్తువులు మూడు: అమ్మ పుస్తెలు, నా పదో తరగతి సర్టిఫికెట్టు, సంఘం నుంచి వచ్చిన కొత్త పడుగు. నాన్న దేన్ని ఎత్తుకున్నాడో పాటలో చెబుతాను. అమ్మకి ఇప్పటికీ కోపమే.

చరణం 3

పెంకులెగిరిన చోట నల్లని ఆకాశం
మగ్గం గుంటలోన మోకాటి నీళ్లు
మంచం మీద మంచం, ఆ పైన మేము
మా కాళ్ల కింద నీ భుజం, గోడ, నువ్వు
పడుగు మూట నెత్తికెత్తుకుని నాన్నా
తెల్లారేదాకా అలాగే నిలుచున్నావు
కాళ్లు పీకుతున్నాయా అని అమ్మ అడిగితే
‘నూలు తడవలేదే’ అన్నావు నువ్వు
ఆ పైన ఇత్తడి చెంబొకటి తీసుకుని
గుంటలో నీళ్లు తోడుతూ కూర్చున్నావు

(పల్లవి)

మాట

ఇప్పుడు పాడబోయే చరణం రాయడానికే ఈ పాట మొదలుపెట్టాను. మిగతాదంతా దాని చుట్టూ వచ్చింది.

నాకు పదిహేడేళ్లు. ఇంటర్ అయింది. డిగ్రీ చదువుతానన్నాను. చూడ్డానికొచ్చిన చుట్టాలెవరో, ‘ఆడగుంటకి సదువెందుకు, కండెలు సుట్టుకుంటే నాలుగు డబ్బులొస్తాయి కదా’ అన్నారు. నాన్న ఏమీ అనలేదు. ఆయన ఊరుకోవడం చూసి నాకు కోపమొచ్చింది. చుట్టాల్ని అనాల్సిన మాట నాన్నని అన్నాను, నలుగురి ముందు.

చరణం 4 (పీట మీద దెబ్బ ఆపేయండి. గొంతు ఒక్కటే)

‘నీ గుంటలో నేను దిగను’ అన్నాను
నువ్వు గుంటలో ఉండే విన్నావు నాన్నా
నాడె ఆగలేదు, తల ఎత్తలేదు
ఆ రాత్రి పొద్దుపోయేదాకా నేశావు
మర్నాడు పొద్దున్న సైకిలెక్కించి
స్టేషను దాకా తొక్కుకొచ్చావు
కాగితం పొట్లంలో మడిచిన నోట్లు
గంజి వాసన వేసె, ఇంకా గుర్తుంది
‘బేగెల్లు, పాసింజరు ఎల్లిపోద్ది’ అని
సైకిలు తిప్పావు, వెనక్కి చూళ్లేదు

(దెబ్బ మళ్లీ మొదలు, మెల్లగా)

చీపురుపల్లి బండి మూడేళ్లెక్కాను
బడిలో పంతులమ్మనై ఇంటికొచ్చాను
అన్న మాట నాకు గుర్తుందని తెలిసీ
అడగలేదెప్పుడూ, నేనూ చెప్పలేదు

(పల్లవి)

మాట

ఆసుపత్రిలో పదకొండు రోజులు. వాటిని పాడను. ఆ రోజుల్లో ఉన్నది మా నాన్న కాదు, ఆయన పేరున్న చీటీ ఒకటి. ఒక్క పూట మాత్రం ఆయనే ఉన్నాడు. తొమ్మిదో రోజు సాయంత్రం కళ్లు తెరిచి, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. ఏదో పెద్దమాట చెబుతాడని వంగాను. చెల్లి కూడా వంగింది.

‘మగ్గం మీద గుడ్డ కప్పినారేటి? గంజి వాసనకి ఎలకలొచ్చీస్తాయి’ అన్నాడు.

కప్పామని చెప్పాను. కప్పలేదు. ఆ రాత్రే తమ్ముడికి ఫోను చేసి కప్పించాను. అందుకని అది అబద్ధం కిందకి రాదనుకుంటున్నాను.

చరణం 5

నాగావళి నీట నిన్ను కలిపొచ్చి
ఇంటికొస్తే మగ్గం ఎదురుగా ఉంది
సగం దూరాన నాడె ఆగిపోయుంది
మూడు మూరల పడుగు ఎదురు చూస్తోంది
తెంపేద్దామన్నారు, అమ్మ వద్దంది
పెద్దకర్మ అయ్యాక బాబాయి దిగాడు
నీ కాళ్ల గుంటలో తన కాళ్లు పెట్టి
నీ నాడె పట్టుకుని కాసేపాగాడు
ఆ తరవాత నేశాడు, మాటాడకుండా
మూడో రోజుకు కోసి అమ్మకిచ్చాడు
దీపం ముందు పరిచి చూసుకుంటే నాన్నా
నీ చెయ్యి ఆగిన చోట సన్నని గీత
కంటికి కనబడదు, వెలుగు సరిపోదు
వేలితో తడిమితే తగులుతుంది

(ఇక్కడ పల్లవి వద్దు. నేరుగా చరణం 6)

చరణం 6 (కొంచెం హుషారుగా. ఇది లెక్క)

దండాలు పెడితే నీకు చిరాకు గనుక
సంఘం పుస్తకంలా లెక్క చెబుతా, విను
నిద్దట్లో ఎత్తిన రాత్రులు రాయి
రాసి పక్కన ‘నడిసెల్లింది’ అని రాయి
సైకిలు చక్రాలు మూడేళ్లు రాయి
వానైతే గొడుగు నా మీదకే రాయి
తడవని నూలొకటి, తడిసిన నువ్వొకటి
రెండూ ఒకే వరస కింద రాయి
తెగితే తిట్టని పోగులన్నీ రాయి
అడగని ప్రశ్నొకటి విడిగా రాయి
చెల్లించిన వైపు నా పేరున చూస్తే
బడి జీతంతో కొన్న చొక్కా ఒకటుంది
‘మిల్లు గుడ్డ బాగుందే’ అన్నావు చూడు
ఆ నవ్వు జమకో, ఖర్చుకో నువ్వే రాసుకో

చివరి పల్లవి (అందరూ)

తొక్కావు, విసిరావు, కొట్టావు నాన్నా
ఒక్కొక్క పోగుగా పెంచావు నన్ను
మూడు మూరల పడుగు ముగిసింది నాన్నా
నీ గుంట అంచున కూర్చున్నానిపుడు

(చెల్లి ఒక్కతే, తాళం లేకుండా)

నీ గుంటలో కాళ్లు పెట్టాను నాన్నా
నేయడం రాదు, ఊరికే పెట్టాను

మాట (పాట అయిపోయాక. పీట మీద దెబ్బ మాత్రం నడుస్తూ ఉండాలి)

రాత్రిపూట మా గోడ అవతల బాబాయి మగ్గం వినిపిస్తుంది. నాన్న పోయిన కొత్తలో ఆ చప్పుడు వస్తే అమ్మ లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. ఇప్పుడు వెళ్లదు. రాట్నం ముందు కూర్చుని, వడకడం ఆపి, తల ఓ పక్కకి వాల్చి వింటుంది. మొన్న నేను కూడా పక్కనే కూర్చున్నాను. చాలాసేపు విన్నాక అమ్మ మళ్లీ ఏకు చేతిలోకి తీసుకుంది.

‘దెబ్బ తేలికయిపోనాది’ అంది. ‘మీ నాన్నయితే ఇంకోటేసును.’

(పీట మీద ఇంకొక్క దెబ్బ. ఆపండి)