విషయం: పాత మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ మార్చడానికి రూ. 2,76,000 మంజూరు కోసం

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం సార్. ఏప్రిల్ నుంచి జూన్ వరకు మన బొబ్బిలి లింక్ రికార్డు జతచేస్తున్నాను. 91 రోజుల్లో 7 సార్లు, మొత్తం 786 నిమిషాలు లైన్ ఆగింది. అంటే అప్‌టైమ్ 99.4 శాతం. కస్టమర్లకు మనం రాసిచ్చిన 99.9 శాతం ప్రకారం 131 నిమిషాలు దాటకూడదు.

ఆ 786లో మరమ్మతుకు పట్టింది 291 నిమిషాలే. మిగతా 495 నిమిషాలు లైన్ పోయిందని మనకు తెలియకుండానే గడిచిపోయాయి. మే నెలలో ఒక రాత్రి 1:40కి కరెంటు పోయి బ్యాటరీలు దిగిపోయాయి. మన స్క్రీన్ మీద మాత్రం అంతా పచ్చగానే ఉంది. చెకింగ్ ప్రాసెస్ హ్యాంగ్ అయితే పాత రీడింగే చూపిస్తుంది, అదీ ఈ పాత సాఫ్ట్‌వేర్ జబ్బు. 5:10కి ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేస్తే గానీ మాకు తెలియలేదు. మన కుర్రాళ్లు 25 నిమిషాల్లో బాగుచేశారు. వాళ్ల తప్పేమీ లేదు సార్.

పైగా ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న సర్వర్ సెంటాస్ 7 ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తోంది. దానికి 2024 జూన్ 30 నుంచి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి.

దాని బదులు జాబిక్స్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ పెడదామని నా అభిప్రాయం. లైసెన్సు ఖర్చు లేదు. రెండు సర్వర్లకు రూ. 2,40,000, ఏడాది ఎస్ఎంఎస్ అలర్టులకు రూ. 36,000 అవుతుంది. రెండో సర్వర్ విజయనగరంలో కాకుండా రాజాం ఆఫీసులో పెట్టాలి. మొదటిది పడిపోతే చెప్పడానికి ఒకటి ఉండాలి కదా. నెల రోజులు పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడుపుతాం.

అక్టోబరు తుపాన్ల లోపు పూర్తి కావాలంటే ఈ నెలలోనే ఆర్డరు పెట్టాలి. దయచేసి మంజూరు చేయండి.

ఇట్లు,
నెట్‌వర్క్ సూపర్‌వైజర్,
విజయనగరం