జంతుశాస్త్రం పాత ప్రశ్నపత్రాలు: పేరాలు వద్దు, బాణాలు గీద్దాం
విజయనగరం జిల్లా, ఇంటర్ తెలుగు మీడియం రివిజన్ కాగితం

60 మార్కుల పాత పేపర్లలో దీర్ఘ సమాధానానికి 8 మార్కులు. ఒక వాక్యం నిర్వచనం రాసి, మిగతా అంతా బాణాల పటంగా గీయండి. ప్రతి బాణం పక్కన ఏం జరిగిందో, ఎంత జరిగిందో ఉండాలి. అది లేని బాణం వట్టి గీతే.

ప్ర. మూత్రం ఏర్పడే విధానాన్ని వివరించండి.

రక్తంలోని నత్రజని వ్యర్థాలను, అదనపు నీటిని, లవణాలను వృక్కాణువులు వేరుచేయడమే మూత్రం ఏర్పడటం.

అభివాహి ధమనిక (రెండు మూత్రపిండాలకూ కలిపి నిమిషానికి 1100–1200 మి.లీ. రక్తం)
↓
[1] రక్తకేశనాళికా గుచ్ఛం
↓ గాలనం: 60 − (32 + 18) = 10 మి.మీ. పాదరస పీడనం
↓ రక్తకణాలు, ప్రోటీన్లు దాటవు → అపవాహి ధమనికలోకి
[2] బౌమన్ గుళిక: నిమిషానికి 125 మి.లీ., రోజుకు 180 లీటర్లు
↓
[3] సమీపస్థ సంవళిత నాళం
→ రక్తంలోకి: గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు దాదాపు మొత్తం, నీరు, లవణాలు 70–80 శాతం
← నాళంలోకి: H⁺, NH₃
↓ 300 మి.ఆస్మోల్/లీ.
[4] హెన్లీ శిక్యం, అవరోహ నాళిక → నీరు బయటికి, లవణాలు దాటవు
↓ మలుపు దగ్గర 1200
[5] ఆరోహ నాళిక → లవణాలు బయటికి, నీరు దాటదు
↓ ద్రవం మళ్ళీ పలచబడుతుంది
[6] దూరస్థ సంవళిత నాళం → Na⁺, నీరు రక్తంలోకి. ← K⁺, H⁺ నాళంలోకి
↓
[7] సంగ్రహణ నాళం → నీరు బయటికి (ఏడీహెచ్ ఉంటేనే ఎక్కువగా)
↓
మూత్రం: రోజుకు సుమారు 1.5 లీటర్లు

60 గుచ్ఛంలోని ద్రవస్థితిక పీడనం, 32 రక్త ప్రోటీన్ల ద్రవాభిసరణ పీడనం, 18 గుళికలోని పీడనం. ఈ మూడు పేర్లూ పటం పక్కన ఉండాలి, అంకెలు మాత్రమే రాస్తే సరిపోదు. ఎక్కువ మంది తడబడేది [4], [5] దగ్గర. రెండు నాళికల్లోనూ నీటి బాణం వేసేస్తారు. ఆరోహ నాళిక నీటిని వదలదు కాబట్టే దవ్వలో లవణాలు పోగై గాఢత పెరుగుతుంది. ఆ గాఢతే లేకపోతే [7]లో నీటిని లాగే శక్తి ఉండదు. పటానికి గుండెకాయ లాంటి చోటు ఇదే, పెన్సిల్ ఇక్కడ కాస్త నెమ్మదిగా నడవనివ్వండి.

ప్రశ్నలో ‘నియంత్రణ’ కూడా అడిగితే పక్కన ఈ చిన్న పటం చేర్చండి:

ఒంట్లో నీరు తగ్గింది → హైపోథాలమస్ ద్రవాభిసరణ గ్రాహకాలు → పృష్ఠ పిట్యూటరీ ఏడీహెచ్ విడుదల చేస్తుంది → [6], [7]లో నీటి పునఃశోషణ పెరుగుతుంది → తక్కువ, చిక్కని మూత్రం

ఏడీహెచ్‌ను తయారుచేసేది హైపోథాలమస్, విడుదల చేసేది పిట్యూటరీ. రెండింటినీ ఒకే గడిలో కుక్కకండి.

ప్ర. హార్దిక వలయాన్ని వివరించండి.

కర్ణికల సిస్టోల్ 0.1 సె. (చివరి 30 శాతం రక్తం జఠరికల్లోకి)
↓
జఠరికల సిస్టోల్ 0.3 సె. (కర్ణికా జఠరికా కవాటాలు మూత: ‘లబ్’, తర్వాత అర్ధచంద్రాకార కవాటాలు తెరుచుకుని 70 మి.లీ. బయటికి)
↓
సంయుక్త డయాస్టోల్ 0.4 సె. (అర్ధచంద్రాకార కవాటాలు మూత: ‘డబ్’, రక్తం తనంతట తానే 70 శాతం నిండుతుంది)
↺ మొత్తం 0.8 సె.

70 మి.లీ. × 72 = సుమారు 5 లీటర్లు నిమిషానికి. పటం వలయంగా ఉండాలి. నిలువు గీతగా ముగిస్తే ‘వలయం’ అన్న మాటకే అర్థం లేదు.

ప్ర. ఆవరణ వ్యవస్థలో శక్తి ప్రవాహాన్ని వివరించండి.

ఉదాహరణకు మన ఊరి చెరువు చాలు, ఎక్కడో ఉన్న సింహం, జీబ్రా అక్కర్లేదు.

సూర్యకాంతి
↓ కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చేది సగంలోపే. మొక్కలు పట్టేది అందులో 2–10 శాతం
వృక్షప్లవకాలు 10,000 జౌళ్ళు
↓ 10 శాతం
జంతుప్లవకాలు 1,000
↓
చిన్న చేపలు 100
↓
కొర్రమీను 10

ప్రతి గడి నుంచి కుడివైపు → శ్వాసక్రియ వేడి (తిరిగి రాదు)
ప్రతి గడి నుంచి ఎడమవైపు ⇢ చచ్చిన భాగాలు, మలం ⇢ బాక్టీరియా, శిలీంధ్రాలు ⇢ పోషకాలు ⇢ వృక్షప్లవకాలు

శక్తికి నిండు గీత, పోషకాలకు చుక్కల గీత వాడండి. లిండెమన్ (1942) పేరు ‘10 శాతం’ పక్కనే రాయండి. బాణం కొన తినే జీవి వైపు ఉండాలి. ‘కొర్రమీను చేపను తింటుంది’ అన్న వాక్యాన్ని తలలో పెట్టుకుని గీసేవాళ్ళు దాన్ని తలకిందులు చేస్తారు. విచ్ఛిన్నకారులను గొలుసు చివర కొర్రమీను కింద ఒక్కచోటే తగిలించడం ఇంకో పొరపాటు: వాటికి అన్ని గడుల నుంచీ సరుకు అందుతుంది. చుక్కల గీత వలయంగా మూసుకుంటుంది, నిండు గీత మూసుకోదు. మూసేస్తే శక్తి పునశ్చక్రీయం అవుతుందని రాసినట్టే, మార్కు పోతుంది.

మురుగునీటి ప్రశ్న వస్తే ఇదే చెరువు:

మురుగు → సేంద్రియ పదార్థం పెరుగుతుంది → బాక్టీరియా విచ్ఛిన్నం చేస్తూ ఆక్సిజన్ వాడేస్తాయి (బీఓడీ పెరుగుదల) → కరిగిన ఆక్సిజన్ పడిపోతుంది → చేపలు చనిపోతాయి

చేపలను మురుగే నేరుగా చంపినట్టు మధ్య గడి ఎగరగొట్టకండి, అడిగిందే ఆ గడి.